కౌబాయ్ సినిమాలు కొత్తగా చూసేవారికి: స్టేజ్‌కోచ్ నుంచి అన్‌ఫర్గివెన్ దాకా మారిన చూపు

కౌబాయ్ సినిమా అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది జాన్ వేన్ కాదు, కృష్ణ గారే. 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' మన నాన్నల తరానికి కౌబాయ్ టోపీని, గుర్రాన్ని, ఎడారిని ఒకేసారి పరిచయం చేసింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, రాజస్థాన్ ఇసుక దిబ్బలు. ఆ తర్వాత 1990లో చిరంజీవి 'కొదమసింహం', 2002లో మహేష్ బాబు 'టక్కరి దొంగ' వచ్చాయి. వీటన్నిటికీ పెద్దన్న అమెరికా కాదు, ఇటలీ. సెర్జియో లియోనే తీసిన క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమాల నుంచి వచ్చిన బాణీ అది. అంటే మనం ఈ కథను మధ్యలోంచి చూడటం మొదలుపెట్టాం. అంతకుముందు అమెరికాలో ఏం తీశారు, ఆ తర్వాత వాళ్ల ఆలోచన ఎలా మారింది అన్నది చాలామందికి తెలియదు.

ఇక్కడ స్థిరపడ్డాక ఈ సినిమాలు చూడాలనుకునేవారికి జాబితాలకు కొదవ లేదు. ఏ లైబ్రరీకి వెళ్లినా పాతిక, యాభై పేర్లు ఇస్తారు. నా సలహా వేరు. నాలుగే సినిమాలు తీసుకోండి, వచ్చిన వరుసలోనే చూడండి. స్టేజ్‌కోచ్ (1939), హై నూన్ (1952), ది సెర్చర్స్ (1956), అన్‌ఫర్గివెన్ (1992). చూస్తున్నప్పుడు రెండు ప్రశ్నలు మాత్రం దగ్గర పెట్టుకోండి. హీరో తుపాకీ పేల్చినప్పుడు సినిమా సంబరపడుతోందా, ఇబ్బంది పడుతోందా? అవతలివైపు నిలబడ్డవాడికి, ముఖ్యంగా నేటివ్ అమెరికన్‌కు, మాట్లాడే అవకాశం ఇస్తోందా?

రెండో ప్రశ్న మన ఇళ్లలో ఇంకోలా కూడా వస్తుంది. ఈ సినిమాల్లో శత్రువు పేరు 'ఇండియన్'. మా అమ్మాయి పన్నెండేళ్లప్పుడు స్టేజ్‌కోచ్ చూస్తూ, "నాన్నా, స్కూల్లో ఫారం నింపేటప్పుడు మనం రాసేదీ ఇదే మాట కదా?" అంది. కొలంబస్ పొరపాటు, ఆ పేరు అలాగే ఉండిపోవడం, అపాచీ, కమాంచీ, నవహో అని ఎవరి జాతి పేరు వాళ్లకు ఉండటం అన్నీ చెప్పాల్సి వచ్చింది. సినిమా మొదలుపెట్టే ముందే ఐదు నిమిషాలు ఈ సంగతి చెప్పుకుంటే మేలు.

స్టేజ్‌కోచ్ గంటన్నర సినిమా. అరిజోనాలోని టోంటో నుంచి న్యూ మెక్సికోలోని లార్డ్స్‌బర్గ్ దాకా ఒక గుర్రపు బండి ప్రయాణం. బండిలో తొమ్మిది మంది. ఊళ్లోని పరువుగల ఆడవాళ్లు తరిమేసిన డాలస్ అనే వేశ్య, ఎప్పుడూ తాగి ఉండే డాక్టర్, నిండు గర్భిణి అయిన సైనికాధికారి భార్య, పేకాటరాయుడు, విస్కీ అమ్మకందారు, సొంత బ్యాంకు డబ్బే కొట్టేసి పారిపోతున్న బ్యాంకర్, బండి తోలేవాడు, మార్షల్. దారిలో ఎక్కే రింగో కిడ్ జాన్ వేన్. తండ్రినీ తమ్ముడినీ చంపినవాళ్ల మీద పగ తీర్చుకోవడానికి జైలు నుంచి తప్పించుకుని వచ్చినవాడు. దర్శకుడు జాన్ ఫోర్డ్.

మనుషుల విషయంలో ఈ సినిమా ఎంతో ముందుచూపుతో ఉంటుంది. మర్యాదస్తులందరూ పక్కన కూర్చోవడానికి కూడా ఇష్టపడని డాలస్ చివరికి ఆ పురిటిబిడ్డను రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కాపాడుతుంది. దేశభక్తి మీద ఉపన్యాసాలు దంచే బ్యాంకరే దొంగ. మన గ్రామకథల్లో కరణం, మునసబు, భోగం మనిషి మధ్య నడిచే వ్యవహారం ఎరిగినవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు.

అదే సినిమా అపాచీల దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుంటుంది. జెరోనిమో పేరు మొదటి నిమిషాల్లోనే వినిపిస్తుంది, అందరూ వణుకుతారు. అతను ఎందుకు పోరాడుతున్నాడో ఒక్క వాక్యం ఉండదు. అపాచీలను వాళ్ల నేల నుంచి కదిలించి శాన్ కార్లోస్ రిజర్వేషన్‌లో కుక్కిన సంగతి సినిమాకు పట్టదు. దాడికి వచ్చినవాళ్లలో ఒక్కరికీ మాట లేదు. తుఫానులా వస్తారు, గుర్రాల మీద నుంచి పడిపోతారు, సైన్యం రాగానే మాయమవుతారు. ఆ వెంటాడే దృశ్యం మాత్రం ఈనాటికీ ఊపిరి బిగపట్టిస్తుంది. యకీమా కానట్ అనే స్టంట్‌మన్ పరుగెత్తే గుర్రాల మధ్య పడి, బండి కింద నుంచి ఈడ్చుకుపోయే షాట్‌లో కంప్యూటర్ మాయ ఏమీ లేదు. అపాచీలు బండి గుర్రాలనే కాల్చేస్తే సరిపోయేది కదా అని అడిగితే, అప్పుడు సినిమా అక్కడితో అయిపోయేది అన్నాడట ఫోర్డ్. నవ్వొచ్చే జవాబే. కానీ ఆ జవాబులోనే ఉంది విషయం. వాళ్లు అక్కడ మనుషులుగా లేరు, సన్నివేశం కోసం ఉన్నారు.

ఇంకో సంగతి. ఆ అపాచీలుగా కనిపించినవాళ్లు అపాచీలు కారు. ఫోర్డ్ ఈ సినిమాకు మొదటిసారి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్లాడు. అది నవహోల నేల. అక్కడి నవహోలనే కూలికి పెట్టుకుని అపాచీల వేషం వేయించారు. తర్వాత పాతికేళ్ల పాటు ఫోర్డ్ సినిమాల్లో ఏ జాతి కావాలన్నా వాళ్లే.

హై నూన్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది చూస్తే వెంటనే అర్థమయ్యే సినిమా. విల్ కేన్ అనే మార్షల్‌కు ఆ ఉదయమే పెళ్లయింది, ఉద్యోగం వదిలేశాడు. తను జైలుకు పంపినవాడు మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడని కబురు. కేన్ సాయం కోసం ఊరంతా తిరుగుతాడు. జడ్జి మూట సర్దుకుంటాడు, స్నేహితుడు ఇంట్లోనే ఉండి లేనని భార్యతో చెప్పిస్తాడు, చర్చిలో పెద్దలు చర్చ పెట్టి చివరికి నువ్వే ఊరొదిలి వెళ్లిపో అంటారు. గోడ గడియారాలు మాటిమాటికీ కనిపిస్తాయి. సినిమా నిడివి, కథలో గడిచే సమయం ఇంచుమించు ఒకటే. స్టేజ్‌కోచ్‌లో ఆపదలో పడ్డ జనం చివరికి ఒకటవుతారు, ఇక్కడ ఆపద రాగానే విడిపోతారు. చివర్లో కేన్ తన నక్షత్రం బ్యాడ్జిని మట్టిలోకి విసిరేసి వెళ్లిపోతాడు.

దీన్ని రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను అదే రోజుల్లో కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ పిలిచింది. హాలీవుడ్ అతన్ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టింది. స్నేహితులు ఒక్కొక్కరే తలుపులు మూసుకోవడం అంటే ఏమిటో అతను కల్పించి రాయనక్కరలేదు. జాన్ వేన్‌కు ఈ సినిమా ఒళ్లు మండించింది. దర్శకుడు హోవర్డ్ హాక్స్‌తో కలిసి 1959లో రియో బ్రావో అనే జవాబు తీశాడు. అందులో షెరిఫ్ ఎవరినీ బతిమాలడు, వద్దన్నా జనం సాయానికి వస్తారు. వినోదం కావాలంటే రియో బ్రావో చూడండి. నా ఓటు మాత్రం హై నూన్‌కే.

ఇక ది సెర్చర్స్. నాలుగింటిలో ఎక్కువ ఓపిక అడిగేది, ఎక్కువ ఇచ్చేదీ ఇదే. దర్శకుడు మళ్లీ ఫోర్డ్, హీరో మళ్లీ వేన్, స్థలం మళ్లీ మాన్యుమెంట్ వ్యాలీ. కథ జరిగేది టెక్సాస్‌లో అని తెరమీద రాస్తారు కానీ ఆ ఎర్రకొండలు టెక్సాస్‌లో ఎక్కడా లేవు. డాలస్‌లో ఉండే మన మిత్రులు ఎవరైనా సరే ఆ మాట ఒప్పుకుంటారు.

1868. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది సైనికుడు ఈథన్ ఎడ్వర్డ్స్ మూడేళ్ల తర్వాత అన్న ఇంటికి వస్తాడు. వదిన మార్తా అతని కోటును చేత్తో నిమిరే ఒక చిన్న దృశ్యం ఉంది. ఎవరూ నోరు విప్పరు, పక్క గదిలో కాఫీ తాగుతున్న పెద్దమనిషి చూడనట్టు చూపు తిప్పుకుంటాడు. వాళ్లిద్దరి మధ్య ఏముందో మనకు అర్థమైపోతుంది. మర్నాడే కమాంచీలు పశువులను తోలుకుపోయి మగవాళ్లను దూరం రప్పించి, ఇంటి మీద పడతారు. అన్న, వదిన చనిపోతారు. ఇద్దరు ఆడపిల్లలను ఎత్తుకుపోతారు. పెద్దమ్మాయి శవమై దొరుకుతుంది. చిన్నది డెబ్బీ కోసం ఈథన్, ఆ ఇంట్లో పెరిగిన మార్టిన్ ఏళ్ల తరబడి వెతుకుతారు. మార్టిన్‌లో ఎనిమిదో వంతు చెరోకీ రక్తం. ఈథన్ ఆ సంగతి ఒక్క పూట కూడా మరిచిపోనివ్వడు.

మొదట్లో ఇది మామూలు అన్వేషణ కథలాగే ఉంటుంది. మెల్లగా అసలు భయం బయటపడుతుంది. ఈథన్ వెతుకుతున్నది పిల్లను ఇంటికి తేవడానికి కాదు, చంపడానికి. కమాంచీల మధ్య పెరిగి పెద్దదైన పిల్ల అతని దృష్టిలో బతికున్నా చచ్చినట్టే. మార్టిన్ అతని వెంట తిరిగేది పిల్లను కమాంచీల నుంచి కాపాడటానికి మాత్రమే కాదు, ఈథన్ నుంచి కాపాడటానికి. దొరికినప్పుడు డెబ్బీ, వీళ్లే ఇప్పుడు నా వాళ్లు, వెళ్లిపోండి అంటుంది. ఈథన్ తుపాకీ తీస్తాడు. మార్టిన్ అడ్డంగా నిలబడతాడు.

కొత్తగా చూసేవారు తడబడేది ఇక్కడే. ఈథన్ ద్వేషాన్ని సినిమా మెచ్చుకుంటోందా, నిలదీస్తోందా? నేను గమనించమనేది మూడు చోట్ల. మొదటిది, సమాధిలోని కమాంచీ శవం కళ్లను ఈథన్ కాల్చే ఘట్టం. కళ్లు లేకపోతే ఆత్మ పరలోకం చేరక గాలిలో తిరుగుతుందని వాళ్ల నమ్మకం అని అతనే చెబుతాడు. అంటే శత్రువు మతం అతనికి అణువణువూ తెలుసు, దాన్ని గాయపరచడానికే వాడతాడు. రెండోది, కమాంచీ నాయకుడు స్కార్ ఎదురుపడినప్పుడు. మీ ఇంగ్లిష్ బాగుందే, ఎవరైనా నేర్పారా అని ఈథన్ ఎద్దేవా చేస్తాడు. కాసేపటికి స్కార్ అదే ప్రశ్నను అతని కమాంచీ భాష గురించి తిరిగి వేస్తాడు. ఈ దేశంలో ఆఫీసు లిఫ్టులో అలాంటి మెచ్చుకోలు విన్న మనకు ఆ జవాబు రుచి ప్రత్యేకంగా తెలుస్తుంది. తన ఇద్దరు కొడుకులను తెల్లవాళ్లు చంపారని కూడా స్కార్ చెబుతాడు. స్టేజ్‌కోచ్‌లో జెరోనిమోకు దక్కని కారణం పదిహేడేళ్ల తర్వాత ఒక శత్రువుకు దక్కింది. ఇద్దరిదీ ఒకే పగ అని తెలుస్తుంది. మూడోది, సైన్యం దాడి చేసిన కమాంచీ గూడెం. మంచులో శవాలు. వాటిలో లుక్ అనే అమాయకురాలు ఉంటుంది.

ఆ లుక్ దగ్గరే సినిమా పరిమితి కూడా బయటపడుతుంది. బేరంలో పొరపాటున మార్టిన్‌కు భార్యగా అంటగట్టబడిన ఆమెను అంతకుముందు నవ్వులాటకు వాడుకుంటారు. మార్టిన్ ఆమెను కాలితో తన్ని దిబ్బ మీద నుంచి దొర్లిస్తాడు, మనల్ని నవ్వమంటారు. అదే మనిషి శవం చూపించి, ఆమె ఏం పాపం చేసిందని మార్టిన్ చేతే అడిగిస్తారు. ఒకే సినిమాలో ఈ రెండూ ఉన్నాయి. స్కార్ వేషం వేసిన హెన్రీ బ్రాండన్ జర్మనీలో పుట్టిన తెల్ల నటుడు. 1956 నాటికి చూపు మారడం మొదలైంది కానీ ముఖాలు మారలేదు.

చివర్లో ఈథన్ డెబ్బీని తరిమి పట్టుకుని, చంపుతాడనుకున్న క్షణంలో చేతుల్లోకి ఎత్తుకుంటాడు. ఎందుకు మనసు మారిందో సినిమా చెప్పదు. అందరూ ఇంట్లోకి వెళ్తారు, అతను గుమ్మం బయటే ఉండిపోతాడు. తలుపు మూసుకుంటుంది. ఈ కథకు మూలమైన నవలను అలన్ లె మే 1954లో రాశాడు. నిజజీవితంలో 1836లో కమాంచీలు ఎత్తుకుపోయిన సింథియా ఆన్ పార్కర్ అనే పిల్ల ఉంది. 1860లో ఆమెను బలవంతంగా వెనక్కి తెచ్చారు, అప్పటికి ఆమెకు కమాంచీ భర్త, పిల్లలు ఉన్నారు. తెల్ల బంధువుల మధ్య ఆమె ఇమడలేకపోయింది, తన వాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లాలనే చూసింది. ఆమె కొడుకు క్వానా పార్కర్ తర్వాత కమాంచీల పెద్ద నాయకుడయ్యాడు. సినిమా ముగింపు కంటే ఇది బరువైన ముగింపు.

ఆ తర్వాత పదేళ్లలో పరిస్థితులు వేగంగా మారాయి. 1950ల చివరికి టీవీలో ప్రతిరాత్రీ కౌబాయ్ సీరియళ్లే. మంచివాడు తెల్ల టోపీ పెట్టుకుని గెలిచే కథకు ఎవరూ టికెట్ కొననక్కరలేకపోయింది. అప్పుడే ఇటలీ నుంచి లియోనే వచ్చాడు. స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారిలో తీసిన అతని మొదటి ఈస్ట్‌వుడ్ సినిమా (1964) జపాన్ దర్శకుడు కురోసావా యోజింబోకు నకలు, ఆ గొడవ కోర్టు దాకా వెళ్లింది. అందులో హీరో ధర్మం కోసం పోరాడడు, డాలర్ల కోసం పోరాడతాడు. న్యాయం అనే మాటే పక్కకు పోయింది. మన దాస్ గారు అందుకున్నది ఈ బాణీనే, కాకపోతే మన హీరోకు చివరికి మంచితనం కట్టబెట్టకుండా మనవాళ్లు ఊరుకోరు కదా.

అమెరికాలో 1968లో పాత సెన్సార్ నిబంధనలు పోయి రేటింగులు వచ్చాయి. టీవీలో వియత్నాం యుద్ధం నడుస్తోంది. 1969లో సామ్ పెకిన్‌పా తీసిన ది వైల్డ్ బంచ్‌లో తూటా తగిలితే రక్తం చిమ్మింది. 1970లో లిటిల్ బిగ్ మ్యాన్ సైన్యం చేసిన ఊచకోతలను షైయెన్‌ల వైపు నిలబడి చూపించింది. అందులో తాతగా నటించిన చీఫ్ డాన్ జార్జ్ నిజంగానే ఒక ఆదివాసీ జాతి నాయకుడు, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. 1990 నాటి డాన్సెస్ విత్ వుల్వ్స్‌లో లకోటా భాషలో మాటలు, కింద సబ్‌టైటిల్స్. మంచి మార్పే. అయినా కథ చెప్పేది, అందరినీ అర్థం చేసుకునేది తెల్ల హీరోనే. మూడు గంటల సినిమా కనుక దీన్ని మీ తీరికకు వదిలేస్తున్నాను.

అన్‌ఫర్గివెన్ కథ చిన్నది. వయోమింగ్‌లోని బిగ్ విస్కీ అనే ఊళ్లో ఒక కౌబాయ్ వేశ్య ముఖాన్ని కత్తితో కోస్తాడు. షెరిఫ్ లిటిల్ బిల్ నష్టపరిహారంగా గుర్రాలు ఇప్పించి వదిలేస్తాడు, అవి కూడా ఆమెకు కాదు, ఆమె యజమానికి. మిగతా ఆడవాళ్లు కూడబెట్టుకున్న డబ్బుతో వాళ్లను చంపినవారికి వెయ్యి డాలర్లు ప్రకటిస్తారు. ఆ డబ్బు కోసం, ఒకప్పటి హంతకుడు, ఇప్పుడు పందులు పెంచుకుంటున్న ముసలి విల్ మన్నీ బయల్దేరతాడు. ఈస్ట్‌వుడ్ ఈ స్క్రిప్టును ఏళ్ల తరబడి దగ్గర పెట్టుకుని, తనకు ఆ వయసు వచ్చాక తీశాడు. మన్నీకి గుర్రం ఎక్కడం కూడా కష్టమే.

ఈ సినిమాలో కోసిన గాయం నోటినోటికీ పెరుగుతూ పోతుంది. ముఖం మీద గాట్లు కాస్తా, కథ ఊళ్లు దాటేసరికి కళ్లు పీకారు, వేళ్లు నరికారు దాకా వెళ్తుంది. వెంట ఒక రచయిత కూడా ఉంటాడు, తుపాకీ వీరుల మీద చవక పుస్తకాలు రాసుకుంటూ. వీరుడెలా తయారవుతాడో ఇలా లోపలి నుంచి చూపిస్తారు. మొదటి చావు చూడండి. ఒక కుర్రవాడికి కడుపులో తూటా తగులుతుంది. వెంటనే చావడు. దాహం దాహం అంటాడు. చంపినవాడే, మేం కాల్చం, వాడికి నీళ్లివ్వండి అని అరుస్తాడు. ఐదుగురిని చంపానని గొప్పలు చెప్పిన కుర్రాడు మొదటిసారి నిజంగా ఒకణ్ని చంపాక చెట్టు కింద ఏడుస్తాడు. అంతా అయ్యాక మన్నీ సెలూన్‌లోకి వెళ్లి చేసే కాల్పులు మాత్రం పాత వెస్టర్న్‌లాగే ఉంటాయి. మొదట కాల్చేది చేతిలో ఆయుధం లేనివాణ్ని. మనలో ఈల వేయాలనిపించే భాగం ఉంది, వేయలేని భాగమూ ఉంది. నాలుగు ఆస్కార్లు వచ్చాయి, ఉత్తమ చిత్రం వాటిలో ఒకటి.

ఇక్కడ కూడా నా రెండో ప్రశ్న వేసి చూడండి. మన్నీ మిత్రుడు నెడ్ (మోర్గన్ ఫ్రీమన్) భార్య సాలీ నేటివ్ అమెరికన్. భర్త తుపాకీ తీసుకుని గుర్రం ఎక్కుతుంటే నిలబడి చూస్తుంది. ఆ చూపు అంతా తెలిసినవాళ్ల చూపు. కానీ ఒక్క మాట వినిపించదు. 1939 తర్వాత 53 ఏళ్లు గడిచాయి.

పిల్లలతో చూసేవారికి: స్టేజ్‌కోచ్, హై నూన్ పదేళ్లు దాటినవాళ్లు హాయిగా చూడొచ్చు, రెండూ నలుపు తెలుపు అని ముందే చెప్పండి. సెర్చర్స్‌లో హింస ఎక్కువగా తెర వెనకే ఉంటుంది కానీ మాటలు కరుకు. పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లతో పక్కన కూర్చుని చూడండి. అన్‌ఫర్గివెన్‌కు ఆర్ రేటింగ్ ఊరికే ఇవ్వలేదు, అది పెద్దవాళ్లకే. పబ్లిక్ లైబ్రరీ డీవీడీల్లో ఈ నాలుగూ సాధారణంగా దొరుకుతాయి.

వేసవిలో గ్రాండ్ కాన్యన్ వెళ్లేవాళ్లు యూటా, అరిజోనా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీ కూడా కలుపుకుంటే ఈ దృశ్యాలన్నీ కళ్లెదుట కనిపిస్తాయి. అది నేషనల్ పార్క్ కాదు, నవహో నేషన్ నడిపే పార్క్. మీ నేషనల్ పార్క్ వార్షిక పాస్ అక్కడ చెల్లదు, విడిగా టికెట్ తీసుకోవాలి. లోపల పదిహేడు మైళ్ల మట్టిరోడ్డు, గుంతలు ఎక్కువ. చిన్న కారు అయితే నవహో గైడ్ల జీపు టూర్ తీసుకోవడం మంచిది. అరిజోనా వేసవిలో గడియారం మార్చదు, నవహో నేషన్ మారుస్తుంది, కాబట్టి టూర్ బుక్ చేసుకుంటే ఆ గంట తేడా సరిచూసుకోండి. రోడ్డు మధ్యలో జాన్ ఫోర్డ్ పాయింట్ అనే బోర్డు ఉంటుంది. గైడ్ నవహో మనిషైతే, వాళ్ల పెద్దవాళ్లు ఏ సినిమాలో ఏ జాతి వేషం కట్టారో అడిగి చూడండి.